హద్దు మీద పిల్లర్ వస్తే: స్ట్రాప్ బీమ్ వేయాలా, కంబైన్డ్ ఫుటింగ్ వేయాలా?

పిల్లర్ సరిగ్గా స్థలం హద్దుకు ఆనుకుని వస్తే దాని కింద మామూలు ఫుటింగ్ కుదరదు. పిల్లర్ నడిమధ్యన ఉండి, ఫుటింగ్ నాలుగు వైపులా సమానంగా పరుచుకోవాలి. కానీ ఇక్కడ సగం ఫుటింగ్ పక్కవాళ్ల స్థలంలోకి వెళ్లిపోతుంది. పాత బజారుల్లో గోడకు గోడ ఆనించి కట్టే షాపులకు, అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన సన్నటి స్థలాలకు ఈ సమస్య తప్పదు.

దీనికి సైటు మీద నాలుగు రకాల జవాబులు వినిపిస్తాయి. పిల్లర్‌ని లోపలికి జరపమంటారు ఒకరు. ఫుటింగ్‌ని ఒక పక్కకే వేసి వదిలేయమంటారు ఇంకొకరు. లోపలి పిల్లర్‌తో కలిపి ఒకే పెద్ద ఫుటింగ్ వేయమంటారు, లేదా రెండు ఫుటింగులు విడిగా వేసి మధ్యలో స్ట్రాప్ బీమ్‌తో కట్టమంటారు. వీటిలో రెండోది మేడ ఇళ్లకు పనికిరాదు. మిగతా మూడింటిలో ఏది సరైనదో ప్రధానంగా రెండు విషయాలు తేలుస్తాయి: రెండు పిల్లర్ల మధ్య దూరం, లోపలి పిల్లర్ మీద ఉన్న బరువు.

మాటలతో కాకుండా ఒక ఇల్లు తీసుకుని లెక్క వేద్దాం. 30 అడుగుల వెడల్పున్న 150 గజాల స్థలం, జీ ప్లస్ 2 ఇల్లు. ఒక పక్క హద్దు మీదే గోడ. హద్దు మీద పిల్లర్ 230 × 450 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిది అంగుళాల వైపు హద్దుకు అడ్డంగా, పద్దెనిమిది అంగుళాల వైపు గోడ వెంట ఉంటుంది. దాని మీద బరువు 45 టన్నులు. అక్కడి నుంచి 4 మీటర్ల లోపల, అంటే 13 అడుగుల దూరంలో రెండో పిల్లర్, దాని మీద 80 టన్నులు. నేల గట్టి ఎర్ర మొరం, చదరపు మీటరుకు 15 టన్నులు మోయగలదని సాయిల్ టెస్ట్ రిపోర్ట్ చెప్పింది. కాంక్రీట్ ఎం25, కడ్డీ ఎఫ్‌ఈ 500. మీ ఇంటికి ఈ అంకెలు ఇలాగే రావు, కానీ లెక్క నడిచే దారి ఇదే.

ముందు జరపగలరేమో చూడండి

అన్నిటికన్నా చవకైన పని ఇదే. అయినా ఇంజనీర్ దగ్గరకు ప్లాన్ వచ్చేసరికి ఇది చేయిదాటిపోయి ఉంటుంది. 45 టన్నులకు ఫుటింగ్ సొంత బరువు కింద పది శాతం కలిపితే 3.3 చదరపు మీటర్ల ఫుటింగ్ కావాలి. దాన్ని చతురస్రంగా వేయాలనేం లేదు. హద్దుకు అడ్డంగా 1.3 మీటర్లు, హద్దు వెంట 2.55 మీటర్లు వేస్తే సరిపోతుంది. అప్పుడు పిల్లర్ మధ్య భాగం హద్దు నుంచి 65 సెంటీమీటర్లు లోపల ఉంటే చాలు. అంటే రెండడుగుల పైచిలుకు మాత్రమే. ఆ రెండడుగుల మీద పైన స్లాబ్‌ని బయటికి చాపుకోవచ్చు. అనుమతి వచ్చిన ప్లాన్‌లో ఆ పక్క ఎలాగూ సెట్‌బ్యాక్ వదలమని ఉంటే అసలు ఈ తలనొప్పే లేదు. అలాంటి చోట హద్దు మీద పిల్లర్ అడిగేవాళ్లకు నా సలహా ఒకటే: ముందు అనుమతి ప్లాన్ చూడండి, తర్వాత ఫుటింగ్ గురించి మాట్లాడదాం.

కింద షాపు, షట్టర్ గోడ దాకా రావాలి అన్నప్పుడు మాత్రం జరపడం కుదరదు. అక్కడి నుంచే అసలు పోలిక మొదలవుతుంది.

ఒక పక్కకే వేసి వదిలేస్తే ఏమవుతుంది

చాలామంది మేస్త్రీలు చేసేది ఇదే. హద్దు దగ్గర అయిదడుగుల ఫుటింగ్ వేసి, పిల్లర్‌ని దాని అంచు మీద నిలబెడతారు. విస్తీర్ణం సరిపోయింది కదా అంటారు. విస్తీర్ణం కాగితం మీద సరిపోతుంది, నేల మీద సరిపోదు.

1.5 మీటర్ల వెడల్పు ఫుటింగ్ మధ్యరేఖ హద్దు నుంచి 75 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. పిల్లర్ మధ్యరేఖ 11.5 సెంటీమీటర్ల దగ్గర. తేడా 63.5 సెంటీమీటర్లు. నేలకు లాగే శక్తి లేదు, నెట్టే శక్తి మాత్రమే ఉంది. అందుకే ఫుటింగ్ లోపలి భాగం నేలను వదిలేసి, బరువంతా హద్దు వైపు అంచు మీదకు వచ్చేస్తుంది. ఆనుకునే పట్టీ వెడల్పు, పిల్లర్ మధ్యరేఖ నుంచి అంచుకున్న దూరానికి మూడింతలు: దాదాపు 35 సెంటీమీటర్లు. అయిదడుగుల ఫుటింగ్‌లో పనిచేసేది అడుగు పైచిలుకు మాత్రమే. ఫుటింగ్ హద్దు వెంట 2.65 మీటర్ల పొడవున్నా, అంచు దగ్గర ఒత్తిడి చదరపు మీటరుకు 98 టన్నులు వస్తుంది. మనకు అనుమతి 15. ఫుటింగ్‌ని ఇంకా లోపలికి వెడల్పు చేస్తే ఈ అంకె మారదు, ఎందుకంటే ఆ అదనపు భాగం నేలను తాకనే తాకదు.

దీనికి సమాధానంగా "పైన ప్లింత్ బీమ్ ఉందిగా, అది పట్టుకుంటుంది" అంటారు. నిజంగా పట్టుకోవాలంటే పిల్లర్ మొదట్లో 28.6 టన్ను-మీటర్ల వంపు బలం తట్టుకోవాలి. తొమ్మిది అంగుళాల పిల్లర్ సన్నటి వైపు వంగుతూ అంత తట్టుకోలేదు. ప్లింత్ బీమ్ ఒకటిన్నర మీటరు పైన ఉంటే దానిలో 19 టన్నుల లాగుడు వస్తుంది. పిల్లర్ చాలదు, బీమ్‌ని అందుకోసం లెక్కకట్టరు. ఇలా కట్టిన ఇళ్లలో మొదటి వరుస గోడల్లో ఏటవాలు పగుళ్లు వస్తాయి, హద్దు పిల్లర్‌కి ప్లింత్ బీమ్ కలిసే చోట నిలువు గీత విచ్చుకుంటుంది, గది నేల హద్దు వైపు వాలుతుంది. ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే కారణం ప్లాస్టరింగ్ కాదు, కింద ఫుటింగ్ తిరిగిందని ముందు అనుమానించాలి.

ఒక్క అంతస్తు రేకుల షెడ్డుకో, కాంపౌండ్ గేటు పిల్లర్‌కో బరువు బాగా తక్కువ కాబట్టి ఒక పక్క ఫుటింగ్ చెల్లుతుంది. అంతకు మించి దాన్ని ఎంపికగా నేను లెక్కలోకి తీసుకోను.

స్ట్రాప్ బీమ్ చేసే పని

గడ్డపారతో బండరాయిని లేపేటప్పుడు కింద చిన్న రాయి పెడతాం. బండ బరువు పొట్టి చివర మీద, మన చేయి పొడుగు చివర మీద ఉంటాయి. పొడుగు చివర కాబట్టి కొద్ది బలంతోనే పెద్ద బరువుని ఆపగలం. స్ట్రాప్ బీమ్ అదే. బండ స్థానంలో హద్దు పిల్లర్, చిన్న రాయి స్థానంలో హద్దు ఫుటింగ్ మధ్య భాగం, చేయి స్థానంలో లోపలి పిల్లర్ బరువు. బీమ్ గట్టిగా ఉంటే హద్దు ఫుటింగ్ తిరగలేదు, కింద ఒత్తిడి అంతటా సమానంగా పడుతుంది.

ఆనే చోటు పిల్లర్ కింద కాకుండా లోపలికి జరిగింది కాబట్టి హద్దు ఫుటింగ్ మోసే బరువు పిల్లర్ బరువు కంటే ఎక్కువవుతుంది. సూత్రం ఇంతే:

```
R1 = P1 × L / (L − e)
R2 = P2 − (R1 − P1)

R1 = 45 × 4 / (4 − 0.635) = 53.5
R2 = 80 − 8.5 = 71.5
```

P1, P2 పిల్లర్ల బరువులు, L వాటి మధ్య దూరం, e మనం పైన చూసిన 63.5 సెంటీమీటర్ల తేడా. హద్దు ఫుటింగ్ మీద 45 కాదు, 53.5 టన్నులు పడతాయి. అదనపు 8.5 టన్నులు లోపలి పిల్లర్‌ని పైకి లేపే ప్రయత్నం చేస్తాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, హద్దు ఫుటింగ్‌ని 45 టన్నులకే డిజైన్ చేసి, స్ట్రాప్ విడిగా గీసేసిన డ్రాయింగులు వస్తుంటాయి. డ్రాయింగ్‌లో స్ట్రాప్ ఉంది కాబట్టి చూసేవాళ్లకి నమ్మకం కలుగుతుంది, కానీ ఫుటింగ్ దాదాపు ఆరో వంతు చిన్నదైపోయింది. మన లెక్కలో 53.5 టన్నులకు పది శాతం కలిపి చూస్తే 1.5 × 2.65 మీటర్లు కావాలి. రెండోది, లోపలి ఫుటింగ్‌కి 8.5 టన్నులు తగ్గాయి కదా అని దాన్ని చిన్నది చేయకండి. హద్దు పిల్లర్ మీద మనుషులు, సామాను పూర్తిగా లేని రోజు ఆ తగ్గింపు కూడా పూర్తిగా ఉండదు. 80 టన్నులకే చూసి 2.45 మీటర్ల చతురస్రం ఉంచితే రెండు ఫుటింగుల కింద ఒత్తిడి దాదాపు ఒకేలా, చదరపు మీటరుకు 13 టన్నుల పైచిలుకు ఉంటుంది. రెండూ ఒకే తీరుగా కుంగితేనే స్ట్రాప్‌కి లెక్కలో లేని బలాలు రావు.

లోపలి పిల్లర్ తేలికైనదైతే స్ట్రాప్ పనిచేయదు. అది వరండా పిల్లరో, ఒక్క అంతస్తు పోర్టికో పిల్లరో అనుకోండి. దాని మీద శాశ్వత బరువు ఏడెనిమిది టన్నులే ఉంటే ఈ 8.5 టన్నులు దాన్ని లేపేస్తాయి. గడ్డపార చివర పట్టుకునే చేయి లేనట్టే. పట్టుకునే పిల్లర్ శాశ్వత బరువు, లేపే బలానికి కనీసం ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. లేకపోతే ఇంకా లోపలున్న బరువైన పిల్లర్ దాకా స్ట్రాప్‌ని పొడిగించాలి.

కంబైన్డ్ ఫుటింగ్‌తో పోలిస్తే

రెండు పిల్లర్లనూ ఒకే దీర్ఘచతురస్రం మీద నిలబెట్టడం కంబైన్డ్ ఫుటింగ్. రెండు బరువుల ఉమ్మడి కేంద్రం, ఫుటింగ్ మధ్య భాగం ఒకేచోటికి రావాలి. మన లెక్కలో ఆ కేంద్రం హద్దు నుంచి 2.675 మీటర్ల దగ్గర పడుతుంది కాబట్టి పొడవు దానికి రెండింతలు, 5.35 మీటర్లు. వెడల్పు 1.75 మీటర్లు చాలు. కాగితం మీద ఎంతో సులువుగా ఉంది. గుంత ఒకటే, సెంట్రింగ్ ఒకటే, మేస్త్రీకి కొత్తగా నేర్పాల్సింది లేదు.

చిక్కు మందం దగ్గర వస్తుంది. ఇక్కడ నేల ఒత్తిడి మొత్తం పొడవునా పైకి నెడుతుంది, రెండు పిల్లర్ల మధ్య స్లాబ్ పైకి ఉబ్బుతూ వంగుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ వంపు బలం వేగంగా పెరుగుతుంది. స్ట్రాప్‌లో అలా జరగదు, ఎందుకంటే మధ్యలో నేల దాన్ని నెట్టడం లేదు. అవే బరువులు, అదే నేల ఉంచి, దూరం ఒక్కటే మారిస్తే ఇలా వస్తుంది:

| పిల్లర్ల మధ్య దూరం | లోపలి పిల్లర్‌ని లేపే బలం | స్ట్రాప్‌లో గరిష్ఠ వంపు బలం | కంబైన్డ్ ఫుటింగ్‌లో గరిష్ఠ వంపు బలం |
|---|---|---|---|
| 3 మీటర్లు | 12.1 టన్నులు | 21.4 టన్ను-మీటర్లు | 27.8 టన్ను-మీటర్లు |
| 4 మీటర్లు | 8.5 టన్నులు | 23.2 టన్ను-మీటర్లు | 38.2 టన్ను-మీటర్లు |
| 6 మీటర్లు | 5.3 టన్నులు | 25.0 టన్ను-మీటర్లు | 58.9 టన్ను-మీటర్లు |

దూరం రెండింతలైనా స్ట్రాప్‌లో వంపు బలం పెద్దగా కదల్లేదు. కంబైన్డ్‌లో రెట్టింపు దాటింది. పైగా దూరం పెరిగితే కంబైన్డ్ ఫుటింగ్ పొడుగై సన్నబడుతుంది. 6 మీటర్లకు పొడవు 7.9 మీటర్లు, వెడల్పు 1.16 మీటర్లు మాత్రమే. అంత సన్నటి పట్టీలో అంత వంపు బలం అంటే అది ఇక ఫుటింగ్ కాదు, నేలలో పూడ్చిన పెద్ద బీమ్.

మన 4 మీటర్ల ఇంటికి సామాను లెక్క వేస్తే, కంబైన్డ్ ఫుటింగ్ షియర్ కోసం, అంటే కోత బలాన్ని తట్టుకోవడానికి, 75 సెంటీమీటర్ల మందం అడుగుతుంది. కాంక్రీట్ 7 ఘనపు మీటర్లు, కడ్డీ 330 కిలోల చుట్టుపక్కల. స్ట్రాప్ పద్ధతిలో రెండు ఫుటింగులు అర మీటరు మందం, మధ్యలో బీమ్, అన్నీ కలిపి 5.8 ఘనపు మీటర్లు, కడ్డీ 250 కిలోల దగ్గర. సామానులో స్ట్రాప్ గెలిచింది. సెంట్రింగ్, కూలీలో కొంత వెనక్కి ఇచ్చేస్తుంది. అందుకని 4 మీటర్ల దగ్గర ఏది వేసినా తప్పు కాదు, మీ దగ్గర పనివాళ్లకు ఏది చేతనవునో అది వేయండి.

3 మీటర్లకు దగ్గరైతే నేను కంబైన్డ్ వైపే ఉంటాను. రెండు ఫుటింగుల మధ్య మిగిలే ఖాళీ అడుగున్నర కూడా ఉండదు. ఆ సందులో సెంట్రింగ్ కొట్టి స్ట్రాప్ పోయడం ఎవరికీ సుఖం కాదు, లేపే బలం కూడా ఎక్కువ. 5 మీటర్లు దాటితే స్ట్రాపే. మధ్యలో అంటే బేరం.

ఒక మినహాయింపు ఉంది. హద్దు పిల్లర్ మీదే ఎక్కువ బరువుండి, లోపలి పిల్లర్ తేలికగా ఉంటే దీర్ఘచతురస్రపు కంబైన్డ్ ఫుటింగ్ లోపలి పిల్లర్ దాకా చేరదు. ఉమ్మడి కేంద్రం హద్దు వైపు వచ్చేస్తుంది, పొడవు దానికి రెండింతలే కాబట్టి లోపలి పిల్లర్ బయటే ఉండిపోతుంది. అప్పుడు హద్దు వైపు వెడల్పుగా, లోపలి వైపు సన్నగా ఉండే ట్రపీజాయిడ్ ఆకారం వేస్తారు. స్ట్రాప్‌కి కావలసిన పట్టు కూడా అలాంటి చోట తక్కువే కనుక ట్రపీజాయిడే మేలు.

స్ట్రాప్ ఎంచుకుంటే కడ్డీ ఎక్కడ ఉండాలి

ఇళ్ల బీముల్లో మెయిన్ రాడ్లు మధ్యలో కింద ఉంటాయని కడ్డీ పనివాళ్ల చేతికి అలవాటు. స్ట్రాప్‌లో హద్దు పిల్లర్ నుంచి లోపలి పిల్లర్ దాకా లాగుడు అంతా పైన. మెయిన్ రాడ్లు మొత్తం పొడవునా పైనే ఉండాలి. కాంక్రీట్ పోసే రోజు ఉదయం చూడాల్సిన మొదటి విషయం ఇది. తలకిందులుగా కట్టిన స్ట్రాప్ బయటికి ఎంత అందంగా కనిపించినా ఉపయోగం లేదు.

మన లెక్కలో 23.2 టన్ను-మీటర్లకు ఒకటిన్నర భద్రతా గుణకం వేస్తే దాదాపు 35. దీనికి 400 మిల్లీమీటర్ల వెడల్పు, 750 మిల్లీమీటర్ల లోతు ఉన్న బీమ్, పైన 20 ఎంఎం రాడ్లు అయిదు, కింద 16 ఎంఎం మూడు, 8 ఎంఎం రింగులు 150 మిల్లీమీటర్లకొకటి. లెక్క ప్రకారం పైన కావలసింది 1,280 చదరపు మిల్లీమీటర్లు, నాలుగు రాడ్లకి కొద్దిలో తప్పిపోతుంది, అందుకే అయిదు. వెడల్పు 300 చేస్తే కూడా బలానికి సరిపోయేది. కానీ అయిదు రాడ్లు ఒకే వరసలో పెడితే మధ్యలో 20 ఎంఎం కంకర దిగదు. కింద తేనెతుట్టెలా డొల్ల మిగులుతుంది. 400 వెడల్పు ఇంకో రకంగానూ కలిసొచ్చింది, పిల్లర్ 450 వైపు ముఖంలో బీమ్ పూర్తిగా ఇమిడిపోతుంది.

అత్యధిక వంపు ఎక్కడ వస్తుందో తెలిస్తే అతుకు ఎక్కడ వేయకూడదో తెలుస్తుంది. అది రెండు పిల్లర్ల నడుమ కాదు, హద్దు ఫుటింగ్ లోపలే, హద్దు నుంచి 1.26 మీటర్ల దగ్గర. అక్కడి నుంచి లోపలి పిల్లర్ వైపు క్రమంగా తగ్గి సున్నా అవుతుంది. కాబట్టి అతుకే లేకుండా ఒకే కడ్డీ వేయడం మంచిది. నాలుగైదు మీటర్లకు 12 మీటర్ల కడ్డీ నుంచి రెండు ముక్కలు తీయొచ్చు, అతుకు అవసరమే రాదు. హద్దు చివర రాడ్లను కిందికి వంచి, లోపలి వైపు పిల్లర్ దాటించి ఆపాలి. 20 ఎంఎం రాడ్ పట్టుకు ఎం25లో దాదాపు 97 సెంటీమీటర్ల పొడవు కావాలి. అంచు దగ్గర అంత దొరుకుతుంది, అయినా వంపు వదలకండి.

హద్దు ఫుటింగ్ కడ్డీ విషయంలోనూ ఒక పొరపాటు మామూలే. స్ట్రాప్ ఉన్నప్పుడు ఈ ఫుటింగ్ పిల్లర్‌కి కాదు, స్ట్రాప్‌కి రెండు పక్కలా రెక్కల్లా చాచుకుంటుంది. ఒక్కో రెక్క 1.125 మీటర్లు. కనుక మెయిన్ రాడ్లు హద్దుకు సమాంతరంగా, స్ట్రాప్ కింద నుంచి దూరి వెళ్లాలి, అట్టడుగున ఉండాలి. మనకు 12 ఎంఎం, 125 మిల్లీమీటర్లకొకటి. హద్దుకు అడ్డంగా ఉండే రాడ్లు వీటి మీద పడతాయి, అవి పంపిణీ కోసమే. కింద కవర్ 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదని కాంక్రీట్ పనుల కోడ్ ఐఎస్ 456 చెబుతుంది.

"ప్లింత్ బీమే స్ట్రాప్" అనే మాట

ఇది వేరే చర్చగా పెట్టడానికి కారణం, ఖర్చు తగ్గించే పేరుతో ఎక్కువగా వినిపించే మాట ఇదే కావడం. రెండు పిల్లర్లను కలుపుతూ బీమ్ ఎలాగూ ఉంది, దాన్నే స్ట్రాప్ అనుకుందాం అంటారు. తొమ్మిది అంగుళాల వెడల్పు, అడుగు లోతు, పైన 12 ఎంఎం రాడ్లు రెండు ఉన్న ప్లింత్ బీమ్ తట్టుకునేది రెండుంబావు టన్ను-మీటర్లు. మనకు కావలసింది 35. పదిహేనింతల తేడా. ఇంకో నాలుగు రాడ్లు కలిపినా లోతు లేదు కాబట్టి లాభం ఉండదు.

సైజు పెంచినా ఎత్తు సమస్య అలాగే ఉంటుంది. స్ట్రాప్ ఫుటింగ్‌తోనే ఏకంగా ఉండాలి. ఫుటింగ్‌కి మీటరో ఒకటిన్నర మీటరో పైన ఉంటే, ఆ మధ్య ఉన్న పిల్లర్ ముక్క వంగుతుంది, ఫుటింగ్ తిరుగుతుంది. అందుకని స్ట్రాప్, ఫుటింగ్ ఒకేసారి పోయాలి. ఫుటింగ్ పోసి, వారం తర్వాత దాని మీద బీమ్ కట్టడం కాదు.

స్ట్రాప్ కింద నేల తగలకుండా చూడటం రెండో పట్టింపు. మన లెక్కంతా రెండు ఫుటింగులే బరువు మోస్తాయని. స్ట్రాప్ కూడా నేల మీద కూర్చుంటే కింద నుంచి నెట్టుడు మొదలై, అంకెలు మారిపోతాయి. బీమ్ అడుగుని ఫుటింగ్ అడుగు కన్నా నాలుగు అంగుళాలు పైకి ఉంచి, రెండు ఫుటింగుల మధ్య భాగంలో కింద రెండు అంగుళాల థర్మోకోల్ షీట్ పరిచి పోయిస్తే సరి. లేదంటే ఆ మేర మట్టిని గుల్ల చేసి వదలాలి. అలవాటుకొద్దీ ఫుటింగ్ నుంచి ఫుటింగ్ దాకా ఏకంగా బెడ్ కాంక్రీట్ వేసి, దాని మీదే స్ట్రాప్ పోసేస్తుంటారు. బెడ్ వేసే రోజే ఈ మాట చెప్పాలి.

నల్లరేగడిలో ఆ ఖాళీ మూడు అంగుళాలకు పెంచాలి, ఎందుకంటే వానాకాలంలో మట్టి ఉబ్బి బీమ్‌ని నెడుతుంది. రేగడి లోతుగా ఉంటే అసలు ఫుటింగుల ఆలోచనే మానుకుని, లోతుకు దిగి అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ ఖర్చు కనుక్కోవడం మంచిది.

ఫుటింగ్ ఆకారం మీ చేతిలో ఉంది

హద్దు ఫుటింగ్‌ని హద్దుకు అడ్డంగా ఎంత సన్నగా చేస్తే స్ట్రాప్ మీద అంత భారం తగ్గుతుంది. 1.5 బదులు 1.2 మీటర్లు వేస్తే లేపే బలం 8.5 నుంచి 6.2 టన్నులకు, వంపు బలం 23.2 నుంచి 18.5కు దిగుతుంది. బదులుగా హద్దు వెంట పొడవు 3.15 మీటర్లకు పెరిగి, రెక్కలు మందం అడుగుతాయి. హద్దు వెంట పిల్లర్లు మూడున్నర మీటర్లకొకటి ఉంటే అంత పొడవు గుంతలు ఒకదానితో ఒకటి కలిసిపోయేంత దగ్గరకొస్తాయి. అలాంటప్పుడు హద్దు పొడవునా ఒకే పట్టీ ఫుటింగ్ వేసి, ప్రతి పిల్లర్ దగ్గర లోపలికి ఒక స్ట్రాప్ ఇవ్వడం శుభ్రంగా ఉంటుంది.

20 అడుగుల స్థలంలో రెండు పక్కలా హద్దు మీదే పిల్లర్లుంటే లెక్క వేరు. రెండు వైపులా 45 టన్నులే ఉంటే ఎవరూ ఎవర్నీ లేపరు, ఫుటింగుల బరువులు మారవు. కానీ స్ట్రాప్‌లో, రెండు ఫుటింగుల మధ్య పొడవునా 28.6 టన్ను-మీటర్ల వంపు బలం తగ్గకుండా నిలిచి ఉంటుంది. మధ్యలో ఎక్కడా రాడ్డు తగ్గించడానికి, అతుకు వేయడానికి చోటు లేదు. ఒక హద్దు స్ట్రాప్ డ్రాయింగ్‌ని కాపీ చేసి ఇక్కడ వాడేవాళ్లు ఈ విషయం దగ్గరే దెబ్బతింటారు.

ఏది ఎంచుకున్నా గుంత తవ్వేది పక్కింటి పునాది పక్కనే. తవ్వకముందే ఒక చిన్న గుంత తీసి వాళ్ల పునాది ఎంత లోతుందో చూడండి, వాళ్ల గోడల మీద అప్పటికే ఉన్న పగుళ్లకు తేదీతో ఫొటోలు తీసుకోండి. మన అడుగు వాళ్ల అడుగు కన్నా లోతుకు పోవాల్సి వస్తే హద్దు గుంతలన్నీ ఒకేసారి తవ్వకూడదు. ఒకటి విడిచి ఒకటి తవ్వి, ఫుటింగ్ పోసి మట్టి కప్పాక మిగతావి తీయాలి. స్ట్రాప్ పద్ధతిలో దీనికి ఇబ్బంది లేదు, ఒక్కో ఫుటింగ్ జత విడిగా పూర్తవుతుంది. హద్దు పొడవునా ఒకే పట్టీ ఎంచుకున్నవాళ్లు మాత్రం దాన్ని ముక్కలుగా పోయాలి, ముక్కకీ ముక్కకీ మధ్య రాడ్లు అతుకు పొడవు మేర బయటికి వదలాలి. ఆ జాయింట్లు ఎక్కడెక్కడ రావాలో డ్రాయింగ్‌లోనే గీయించుకోండి.